షెహాతా పూచీ మీద సరుకు

ఈజిప్టులోని తంతాలో హాజీ మిత్వల్లీ కిరాణా గోదాముకు ఇరవై ఆరేళ్లుగా షెహాతాయే స్టోర్‌కీపర్. లోపలున్న ప్రతి బస్తాకూ పూచీ ఆయనదే. సరుకు తగ్గిందని తేలితే పోలీసు స్టేషన్‌కు వెళ్లాల్సిందీ ఆయనే. అలాంటి మనిషిని దొంగ అనడానికి నాదర్‌కు మూడు రోజులు చాలాయి. అక్కడ బిల్లులు రాసే నేను ఆ మూడు రోజులూ పళ్లు నూరుకుంటూ చూశాను.

నాదర్ కైరో నుంచి కొత్త కంప్యూటర్ ప్రోగ్రాముతో దిగిన అకౌంటెంట్. బియ్యం బస్తా కుట్టు ఏ వైపు నుంచి విప్పాలో కూడా తెలియని మేధావి. ఏటా పండగ తర్వాత జరిగే లెక్కింపును ఈసారి రంజాన్‌కు నాలుగు రోజుల ముందుకు లాగాడు. వెంట ముగ్గురిని తెచ్చుకున్నాడు. వాళ్లు లెక్కపెట్టినదానికంటే తాగిన చాయే ఎక్కువ, గ్లాసుకు నాలుగు చెంచాల పంచదార.

కంప్యూటర్లో ఉన్నదానికంటే గోదాములో నూనె సీసాలు నాలుగువందల ఎనభై తక్కువ వచ్చాయి.

"ఏం బాబాయ్, మీ ఇంట్లో నూనెతో స్నానాలా?" అన్నాడు నాదర్.

"ఇంకోసారి లెక్కపెట్టించు నాయనా" అన్నాడు షెహాతా.

లెక్కపెట్టారు. మళ్లీ అంతే. మూడోసారీ అంతే. మిగతా సరుకుల తేడాలు నాదర్ చూడనే లేదు. నూనె ఖరీదైనది కాబట్టి దొంగ నూనె దగ్గరే దొరకాలని వాడి చదువు. చివరికి షెహాతా అన్నం గిన్నె మూత తీయించి వెతికాడు. అందులో ఉడికించిన చిక్కుడుగింజలూ ఒక ఉల్లిపాయా ఉన్నాయి. చేతకానివాడికి అధికారమిస్తే చేసేది ఇదే. యజమాని హాజీ మాత్రం కుర్చీలో కూర్చుని జపమాల తిప్పుతున్నాడు. నాకు ఆయన మీదా మండింది.

"రేపు పొద్దున పోలీసులకు కాగితం రాస్తున్నా" అన్నాడు నాదర్.

"రాద్దువులే. ముందు అన్ని సరుకుల తేడాలూ ఒక కాగితం మీద ఇవ్వు."

నేనే అచ్చు తీసి ఇచ్చాను. షెహాతా చెవి వెనకనుంచి పెన్సిల్ తీసి నాలుగు వరసల కింద గీతలు గీశాడు. నూనె సీసాలు నాలుగువందల ఎనభై. పంచదార కిలో పొట్లాలు నాలుగువందల ఎనభై ఒకటి. బియ్యం కిలో పొట్లాలు ఏడువందల ఇరవై. నెయ్యి డబ్బాలు రెండువందల నలభై. సేమ్యా, చిక్కుడుగింజలు, సబ్బులు ఒక్కటి కూడా తగ్గలేదు.

"నెయ్యి ఒకటికి నూనె రెండు, పంచదార రెండు, బియ్యం మూడు. ఇంత ధర్మంగా పంచుకుని ఎత్తుకెళ్లే దొంగను నువ్వెక్కడైనా చూశావా?" అని నాదర్‌ను అడిగాడు.

షెహాతా వెనక గదిలోకి నడిచాడు. మేమూ వెళ్లాం. అక్కడ రంజాన్ దానాల కోసం తెప్పించిన ఖాళీ అట్టపెట్టెలు పదేసి కట్టలుగా ఉంటాయి. అవి సరుకు కాదు కాబట్టి కంప్యూటర్లో లేవు, కంప్యూటర్లో లేనిదాన్ని నాదర్ మనుషులు చూడలేదు. ముప్ఫై కట్టల్లో ఆరే మిగిలాయి.

"రెండువందల నలభై పెట్టెలు" అన్నాడు షెహాతా. తర్వాత హాజీ వైపు తిరిగాడు. "ఏటా మనిద్దరం కలిసే నింపేవాళ్లం, పండగ తర్వాత దానానికి పోయిన సరుకుకు చీటీ రాసేవాళ్లం. ఈసారి నా సెలవునాడు, శుక్రవారం, మీ దగ్గరున్న తాళంచెవితో మీరే తెరిచారు కదూ?"

హాజీ జపమాల ఆగింది. "కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదు షెహాతా. కాగితం మీద పెడితే పుణ్యం పోతుందని మొన్న మసీదులో చెప్పారు."

మూడు రోజులు ఒక మనిషి పరువు తీస్తుంటే ఈయన తన పుణ్యాన్ని కాపాడుకుంటూ కూర్చున్నాడన్నమాట!

షెహాతా గొంతు పెంచలేదు. "అయితే నన్ను దొంగగానే రాయించండి హాజీ. మీ పుణ్యం మీకు భద్రంగా ఉంటుంది."

హాజీ చెయ్యి చాచి నా దగ్గర కలం తీసుకుని, ఆ సరుకుకు చీటీ రాసి సంతకం చేశాడు. నేను దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాను. నూనె, బియ్యం, నెయ్యి సరిపోయాయి.

నాదర్ ఊపిరి పీల్చుకున్నాడు. అంతలోనే మొదటి రోజు లెక్క కూడా తెరిచి వేలు పెట్టి చూపించాడు. "పంచదార ఇంకా ఒకటి తక్కువుంది. మొదటి లెక్కలో నాలుగువందల ఎనభయ్యే కదా తేడా! ఇదెక్కడికి పోయింది బాబాయ్?"

షెహాతా వాడి చేతిలోని చాయ్ గ్లాసు వంక చూసి, ఇంకో చీటీ తీసుకుని తీరిగ్గా రాశాడు: "పంచదార, ఒక కిలో. లెక్క చూడ్డానికి వచ్చినవాళ్లు తాగినది."

తిప్పి నాదర్ ముందు పెట్టాడు. "సంతకం పెట్టు నాయనా. ఇది నా పూచీ కాదు."