తుడిచిన ఆకు

ఎండనూ చెమ్మనూ తన చేతిలో ఉంచుకున్న దేవునికి స్తోత్రం. ఆకు పైభాగాన్నే కాక అడుగునూ చూసే ఆయన కన్నులకు స్తోత్రం. ఆ కన్నుల ముందు ఏదీ దాగదని చిన్నప్పుడు ఆదివారపు బడిలో నేర్చుకున్నాను, ఇప్పుడు సంఘంలో పిల్లలకు నేర్పుతున్నాను. అయినా ఆ సంగతి తెలియనిదానిలా నడుచుకున్నాను.

మేము వలస వచ్చి ఉంటున్న ఈ నగరంలో, టోవా పాయో అనే పేటలో మా బ్లాకు పక్కన అంతస్తుల కార్ పార్క్ ఉంది. దాని పైకప్పు మీద కూరగాయల మళ్లు వేసి మాలాంటి చిన్నవాళ్లకు అద్దెకిస్తారు. బ్యాంకు ఉద్యోగం మానేశాక నేనొక మడి తీసుకున్నాను. గోంగూర, తోటకూర తెలుగువాళ్ల ఇళ్లకు పోతాయి. మిగతా అంతా బేసిల్. మన తులసికి చుట్టం లాంటి మొక్క అది, హోటళ్లవాళ్లు కొంటారు. పక్క మడి ఒక చైనీస్ అంకుల్‌ది. ఆయన బేసిల్ తప్ప మరొకటి వేయడు. తంజోంగ్ పగార్ అనే పేటలో ఒక హోటల్ ఆయన ఆకు తీసుకుంటానని ఆ మధ్యే ఒప్పుకుంది. మొదటి సరుకు అందించే రోజు కోసం ఆయన మొక్కలను పసిపిల్లల్లా సాకుతున్నాడు. నేను ఎన్నిసార్లు ఆరాధనకు పిలిచినా నవ్వి, "మీ దేవుడు నీళ్లు కూడా పోస్తాడా? పోస్తే వస్తా లా" అనేవాడు, ఇక్కడివాళ్ల తీరులో మాట చివర "లా" చేర్చి.

ఆ నెలలోనే మా సంఘంలో కోత పండుగ. అది ఇంకా రాకముందే, అద్దె హాల్లో జరిగే ఆరాధనలో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పాను. నా చేతుల పనిని ప్రభువు ఆశీర్వదించాడని, మొదటి బుట్ట ఆయన బల్ల మీదకే వస్తుందని. అందరూ చప్పట్లు కొట్టారు. మా పాస్టరు అయ్యగారి భార్య నన్ను దగ్గరకు తీసుకుంది.

తర్వాత కొద్ది రోజులకే కింది ఆకుల మీద పసుపు మచ్చలు కనిపించాయి. అడుగున మురికిగా, మట్టి చిందినట్టు ఏదో అంటుకుని ఉంది. సాక్ష్యం చెప్పిన నోటితో జబ్బు వచ్చిందని ఎలా చెప్పను? అయినా మొక్కలు దక్కాలి కదా. మా సంఘంలో ఒక తమ్ముడు యూనివర్సిటీలో మొక్కల తెగుళ్ల మీద పరిశోధన చేస్తున్నాడు. ఫొటో పంపి అడుగుదామనుకున్నాను.

ఆకు తుంచి, ఇంటికి తెచ్చి, కుళాయి కింద కడిగాను. తువ్వాలుతో అద్ది, తెల్లటి పళ్లెంలో పెట్టాను. పెళ్లిచూపులకు పిల్లను కూర్చోబెట్టినట్టు ముందొక ఫొటో, వెనకొక ఫొటో తీశాను. అది కడిగిన ఆకు అని రాయాలని తోచలేదు. దేవుడి ముందుకు తెచ్చే పండునైనా, మనిషికి చూపే ఆకునైనా కడిగే తేవాలని పెరిగినదాన్ని.

ఆ తమ్ముడు జాగ్రత్తగానే జవాబిచ్చాడు. ఫొటో చూసి కావచ్చు అనడమే తప్ప ఖాయంగా చెప్పలేనన్నాడు. ముదురు ఆకుల్లో ఈనెల మధ్య పసుపు, అడుగున ఏమీ లేదు కాబట్టి పోషకాల లోటు కావచ్చన్నాడు. ఆకు అడుగున దుమ్ములాగా, బూజులాగా ఏమైనా ఉండేదా అని మళ్లీ అడిగాడు. "ఏమీ లేదు తమ్ముడూ, శుభ్రంగా ఉంది" అని రాశాను. శుభ్రంగానే ఉంది. శుభ్రం చేసింది నేనే.

లోటు అన్న మాట నాకు ఊరటనిచ్చింది. లోటైతే సిగ్గు లేదు, ఎరువు వేస్తే తీరిపోతుంది. ఎరువు వేశాను. పండుగకు మొక్కలు కళగా ఉండాలని తడిగుడ్డ పట్టుకుని వరుసంతా ఆకుల అడుగులు తుడిచాను. అంకుల్ ఆ రోజు కూతురింటికి వెళ్తూ తన మడికి నీళ్లు పెట్టమన్నాడు. ఆయన ఆకుల మీద కూడా అక్కడక్కడా దుమ్ము ఉందనిపించి, అదే గుడ్డతో వాటినీ తుడిచాను. మంచిపని చేశాననుకుని సంతోషంగా ఇంటికి వచ్చాను.

పసుపు తగ్గలేదు. పై ఆకులకు ఎక్కింది, మచ్చలు నల్లబడ్డాయి. ఆ తమ్ముడికి మళ్లీ రాశాను. ఈసారి ఆకు తుంచవద్దన్నాడు, తాకవద్దన్నాడు. ఎండ రాకముందే వెళ్లి, మొక్క మీద ఉండగానే ఆకు అడుగును ఫొటో తీసి పంపమన్నాడు, మొక్క మొత్తానిది కూడా ఒకటి. తెల్లవారగానే వెళ్లి ఆకు తిప్పాను. ఊదారంగు కలిసిన బూడిద నూగు, పసుపు మచ్చ ఎంతమేర ఉందో దాని కింద అంతమేర పరుచుకుని ఉంది. చెయ్యి గుడ్డ వైపు వెళ్లింది. ఆపుకుని ఫొటో తీసి, మట్టి చిందిందేమో అని రాసి పంపాను.

జవాబు వెంటనే వచ్చింది. "అక్కా, ఇది మట్టి కాదు. పసుపు మచ్చ ఈనె దగ్గర గీత గీసినట్టు ఆగింది చూడండి. సరిగ్గా దాని కిందే నూగు. బూజు తెగులే అయ్యుండాలి. మొన్నటి ఆకుకు ఇది లేదే. తుడిచారా?"

వానకు కడుక్కుపోయి ఉంటుందని రాసి పంపాను. మా మడి మీద వాన పడనివ్వని పందిరి ఉంది. అతను "సరే అక్కా" అన్నాడు, అంతే. ఆ 'సరే' వైపు చూడలేకపోయాను. పంపినదాన్ని చెరిపేద్దామని వేలు పెట్టాను. మళ్లీ తుడవడమే కదా అనిపించి వేలు తీసేశాను. దాని కింద రాశాను: "అబద్ధం తమ్ముడూ. కడిగి పంపాను. తర్వాత అన్నిటినీ ఒకే గుడ్డతో తుడిచాను. పక్కవాళ్లవి కూడా."

అతను ఫోన్ చేసి మెల్లగా చెప్పాడు. ఆ నూగే తెగులుకు విత్తనం లాంటిదట. తడి ఆకు మీద పడితే మొలుస్తుందట. గుడ్డతో వెళ్లి ఉండొచ్చు. గాలికీ వెళ్తుంది, అసలు అది గాలికే ఎక్కువ తిరుగుతుంది. ఎవరి మడి నుంచి ఎవరి మడికి వెళ్లిందో ఎవరూ చెప్పలేరన్నాడు. ఒక ఆకును కవర్లో మూసి తెమ్మన్నాడు. మైక్రోస్కోప్‌లో చూసి అదేనని తేల్చాడు. పట్టిన ఆకు మళ్లీ బాగుపడదని, మొక్కలు తీసి సంచుల్లో కట్టి పారేయాలని, ఇకముందు నీళ్లు ఆకుల మీద కాక మొక్క మొదట్లోనే పోసి మొక్కల మధ్య గాలి ఆడనివ్వాలని చెప్పాడు.

గాలి అన్న మాట నాకు ఎంత తీపిగా వినిపించిందో దేవునికి తెలుసు. తప్పు గాలి మీద పెట్టేస్తే నన్ను అడిగేవారు లేరు. కానీ అంకుల్ ఇంకా ఆకు అడుగు చూడలేదు. ఆయన హోటల్‌కు ఇవ్వాల్సిన రోజు దగ్గరపడింది. నేను చెప్పకపోతే ఆయన నిలబడి చూస్తుండగానే మడి పోతుంది.

వెళ్లి చెప్పాను. నాకు వచ్చిన ఇంగ్లీషులో, తుడిచిన సంగతి ముందు, గాలి సంగతి తర్వాత. ఆయన ఒక ఆకు తిప్పాడు, మరొకటి తిప్పాడు. కొన్నిటికి నూగు ఉంది. ఆకును వదిలి నా వైపు తిరిగాడు.

"యూ వైప్ మై లీఫ్ ఆల్సో ఆ?" అన్నాడు.

"అవును అంకుల్."

"ఫర్ వాట్?"

బాగా కనబడాలని అన్నాను. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. కత్తెర తీసుకుని మచ్చలేని కొమ్మలన్నీ కోయడం మొదలుపెట్టాడు. నేను తెగులు పట్టిన మొక్కలు పీకి సంచుల్లో కట్టాను. నా మడిలో కోసిన మంచి ఆకు ఆయన బుట్టలో వేయబోతే చేత్తో అడ్డుపెట్టాడు. హోటల్‌కు అడిగినంత పోలేదు, సగం బుట్ట పోయింది. తర్వాత వాళ్లు మళ్లీ పిలుస్తారో లేదో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. వెళ్లబోతూ లిఫ్ట్ దగ్గర, "నెక్స్ట్ టైమ్ యూ టెల్ ఫాస్టర్, కెన్?" అన్నాడు. ఇక్కడివాళ్లు అలాగే అనడానికి అనే మాటే, నేనూ కెన్ అన్నాను.

మిగిలిన ఆకుతో బుట్ట నింపుకోవడానికి మనసొప్పక, పండుగ రోజు ఖాళీ బుట్టతో వెళ్లాను. మైకు అడిగి, సాక్ష్యాన్ని సరిచేసుకున్నాను. ఈసారి చప్పట్లు లేవు. అయ్యగారి భార్య నా చెయ్యి మాత్రం పట్టుకుంది.

అంకుల్ కొత్త నారు పోశాడు. రోజూ పొద్దున్నే ఇద్దరం ఎవరి మడిలో వాళ్లం వంగి ఆకులు తిప్పి చూసుకుంటున్నాం. మునుపటిలా మాట్లాడడు. చదువుతున్న మీరు ఒక్క క్షణం నాతో కలిసి తల వంచండి. ఆ నారు నిలవాలని, ఆ హోటల్ ఆయనను మళ్లీ పిలవాలని అడుగుదాం. నా చేతికి గుడ్డ అందినప్పుడల్లా ముందు ఆకు అడుగు చూసే ధైర్యం ఇమ్మని కూడా అడుగుదాం. ప్రభువా, తుడవకుండానే మమ్మల్ని చూడు. ఆమేన్.