తిప్పని బాణాలు

గురువు దైవంతో సమానమని గోడల మీద రాసే అలవాటు మనకుంది. ఆ గోడ కిందే కూర్చునే మాస్టార్లను అడిగితే, దైవానికి ఉండని జబ్బు ఒకటి తమకుందని చెబుతారు: భయం. బాణాల మాస్టారికి అది పాతికేళ్ల నుంచీ ఉంది. పరీక్ష రోజు ఉదయం ఆరున్నరకి మాత్రం దానికి అసలైన కారణం ఒకటి దొరికింది.

ఆయన పని, ఇంటర్ తప్పిన వాళ్లని గట్టెక్కించడం. మార్కెట్టు వీధిలో చెప్పుల దుకాణం మీది అంతస్తులో ఒక ట్యుటోరియల్ కాలేజీ. నలభై మంది పట్టే గదిలో అరవై మంది. బోర్డు ఒక మూల పెచ్చులూడి ఉంటుంది. ఆయన జీవశాస్త్రం మొత్తాన్ని బాణాలతోనే చెబుతాడు. రక్తం ఇటు, గాలి అటు, ఎలక్ట్రాన్ ఈ మెట్టు నుంచి ఆ మెట్టుకి. "బాణం ఎటు చూస్తోందో తెలిస్తే పాస్, తెలియకపోతే మళ్లీ నా ముఖమే చూడాలి" అనేవాడు. ఆ పేరు అలా స్థిరపడింది. సొంత పేరు జీతాల పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు.

ఆయనకి ఒక పనితనం ఉంది, దాని మీద కొంచెం గర్వం కూడా. కిరణజన్య సంయోగక్రియకీ శ్వాసక్రియకీ ఒకే బొమ్మ వాడతాడు. బోర్డుకి అడ్డంగా ఒక పొర గీసి, అందులో ఎలక్ట్రాన్లు దాటే మెట్లు, కొసన కణానికి శక్తినిచ్చే ఏటీపీని తయారుచేసే ఏటీపీ సింథేజ్ పెడతాడు. హరితరేణువు పాఠం అయ్యాక బొమ్మని తుడవడు. పేర్లు మాత్రం మారుస్తాడు. పొరకి పైన ఉన్న స్ట్రోమా పోయి మైటోకాండ్రియా రెండు పొరల మధ్య ఖాళీ అవుతుంది. కింద థైలకాయిడ్ లోపలి భాగం పోయి మైటోకాండ్రియా లోపలి మాత్రిక అవుతుంది. చివరగా ప్రోటాన్ల బాణాలన్నీ తిప్పి, పైకి ఉన్న ఏటీపీ సింథేజ్ గుబ్బని కిందికి దించుతాడు. పది నిమిషాలు మిగులుతాయి. పరీక్ష ముందు రోజు పది నిమిషాలంటే మాటలా!

ముందు రోజు మధ్యాహ్నం పేర్లన్నీ మార్చి బాణాల దగ్గరికి వచ్చేసరికి ప్రిన్సిపాల్ గుమ్మంలో నిలబడి, హాల్ టికెట్లు ఎవరెవరికి అందలేదో చెప్పమన్నాడు. ఆ గొడవ తేలేసరికి గంట కొట్టారు. పిల్లలు ఫోన్లెత్తి బోర్డుని ఫొటో తీసుకున్నారు. ఫోనులో కెమెరా లేనివాళ్లు నోట్సులోకి ఎక్కించుకున్నారు.

పొద్దున భార్య టీ గ్లాసు చేతికిస్తూ ఆయన ఫోనులో కాలేజీ వాట్సాప్ గ్రూపు చూపించింది. రాత్రి ప్రిన్సిపాల్ అందులో బోర్డు ఫొటో పెట్టాడు, కింద వరసగా దండం గుర్తులు. "మీ బొమ్మకి యాభై మంది దండాలు పెట్టారండీ. నాకు ఇరవై ఏళ్లలో ఒక్కరూ పెట్టలేదు."

ఆయన చూశాడు. చక్కటి బొమ్మ. పైన రెండు పొరల మధ్య ఖాళీ, కింద మాత్రిక. బాణాలు మాత్రం హరితరేణువువే. ప్రోటాన్లు పైనుంచి మాత్రికలోకి నెట్టబడుతున్నాయి, ఏటీపీ సింథేజ్ గుండా బయటికి పోతున్నాయి. గుబ్బ బయటికి చూస్తోంది. ఏటీపీ తయారవ్వాల్సిన చోట కాకుండా పక్కింట్లో తయారవుతోంది.

"ఏమైందండీ? టీ చల్లారిపోతోంది."

"కొంప మునిగింది" అన్నాడు.

ఇక్కడ భయమంటే మార్కుల భయం ఒక్కటే కాదు. పాత సిలబస్‌కి ఇదే ఆఖరి పరీక్ష. ఇది తప్పినవాళ్లు మొదటి సంవత్సరం నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ఆ అరవై మందిలో ఆసుపత్రిలో ఆయాగా చేసే నలభై ఏళ్ల మనిషి ఒకామె ఉంది. క్లాసులో అందరూ వార్డమ్మ అంటారు. ఈ ఒక్క పేపరు గట్టెక్కితే నర్సింగు శిక్షణకి వాళ్ల ఆసుపత్రే పంపుతుంది. వయసు హద్దు ఈ ఏడాదితో సరి. మొదటిసారి మూడు మార్కులకి పోయింది, రెండోసారి రెండుకి. ఈ ఎనిమిది మార్కుల ప్రశ్న తప్పకుండా వస్తుందని ఆమెకి నొక్కి చెప్పింది ఈయనే.

ఆయనకి ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. నిన్న గంట కొట్టేముందు వార్డమ్మ చెయ్యెత్తింది. "మాస్టారూ, ఒక చిన్న అనుమానం..." అంది. "రివిజన్‌లో అనుమానాలుండవమ్మా, ఎక్కించుకో" అని ఈయనే కసిరాడు.

ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేశాడు. ఆ గ్రూపులో రాసే అధికారం ప్రిన్సిపాల్ ఒక్కడికే ఉంది.

"బాణాలు తిరగబడ్డాయండీ. ఒక్క ముక్క పెట్టండి, చాలు."

"మాస్టారూ, నిద్ర పట్టలేదా? పరీక్షకి రెండు గంటల ముందు మా బొమ్మ తప్పని నేను పెట్టాలా? ఆ ముక్క ఫొటో తీసి ఎదురు ట్యుటోరియల్ వాడు పాంప్లెట్ వేయిస్తాడు. పిల్లలు ఉన్నది కూడా మర్చిపోతారు."

"తప్పు రాస్తారండీ."

"రాస్తే పోయేది రెండు మార్కులు. కంగారుపడితే ఎనిమిదీ పోతాయి. మీరు గేటు దగ్గరికి కూడా వెళ్లకండి. వెళ్లారని తెలిస్తే వచ్చే బ్యాచ్‌కి వేరే మాస్టారిని చూసుకుంటాను."

ప్రిన్సిపాల్ చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. అదే ఈయనని ఎక్కువ భయపెట్టింది. గేటు దగ్గర సవరించిన జవాబు హాల్లోకి వెళ్లేసరికి రెండు జవాబులవుతుంది, పిల్లలు రెంటికీ చెడతారు. పాతికేళ్లుగా ఈయన చూస్తున్నదే. అయినా చొక్కా వేసుకున్నాడు. జేబులో ఎప్పుడూ ఉండే సుద్దముక్క ఉంది.

పరీక్షా కేంద్రం గేటు ముందు ఎనిమిదింపావుకే గుంపు ఉంది. తన పిల్లల్ని చెట్టు నీడకి పోగేశాడు.

"నిన్నటి బొమ్మ తప్పు. నా తప్పు" అన్నాడు.

ఒక అమ్మాయి ఏడుపు ముఖంతో, "సార్, ఇప్పుడా చెప్పడం! నేను కళ్లు మూసుకుని వేసేంతగా నేర్చుకున్నాను" అంది.

"కళ్లు తెరిచి విను. మిగతా జవాబంతా అలాగే ఉంచండి. గ్లూకోజు కణద్రవ్యంలో విరిగి రెండు పైరువేట్లు అవుతుంది. చేతికి మిగిలేది రెండు ఏటీపీ, రెండు ఎన్ఏడీహెచ్. పైరువేట్ మాత్రికలోకి పోయి అసిటైల్ కోఎంజైమ్-ఏ అవుతుంది, కార్బన్ డయాక్సైడ్ పోతుంది. క్రెబ్స్ వలయం ఒక గ్లూకోజుకి రెండుసార్లు తిరుగుతుంది. అక్కడ నేరుగా వచ్చే ఏటీపీ రెండే. అసలు సంపాదన ఎన్ఏడీహెచ్, ఎఫ్ఏడీహెచ్2 మోసుకెళ్లే ఎలక్ట్రాన్లు. అవునా?"

"అవును సార్."

"అవి లోపలి పొరలో మెట్లు దిగుతాయి. చివర ఆక్సిజన్ అందుకుని నీరవుతుంది. దిగేటప్పుడు వచ్చే శక్తితో ఒకటి, మూడు, నాలుగు కాంప్లెక్సులు ప్రోటాన్లని మాత్రికలోంచి బయటి ఖాళీలోకి నెడతాయి. రెండోది నెట్టదు. నెట్టినవి ఊరుకుంటాయా? బయట కిక్కిరిసి, లోపలికి రావాలని ఒత్తుతాయి. దారి ఏటీపీ సింథేజ్ ఒక్కటే. అది తిరుగుతుంది, గుబ్బ దగ్గర ఏడీపీకి ఫాస్ఫేట్ అతుకుతుంది. గుబ్బ లోపలే ఉండాలి. నెట్టేది బయటికి, పడేది లోపలికి. అంతే."

చెబుతూనే అలవాటు కొద్దీ ప్రహరీ గోడ మీద పొర గీసి రెండు బాణాలు వేశాడు.

"ఏయ్! ఏంటది?" కానిస్టేబుల్ లాఠీతో వచ్చాడు. "పరీక్ష సెంటర్ గోడ మీదే జవాబులు రాస్తున్నావా? ఎంత గుండె ధైర్యమయ్యా నీకు!"

గుండె ధైర్యం! ఆ మాట మాస్టారిని ఇంతవరకూ ఎవరూ అనలేదు. "జవాబు కాదండీ... సవరణ."

"రెండిటికీ తేడా స్టేషన్‌లో చెప్దువు గాని. తుడువు ముందు."

చొక్కా చేత్తోనే తుడిచాడు. పిల్లలు జారుకున్నారు. వెళ్తూ వెళ్తూ ఒకరికొకరు చెప్పుకుంటున్నారు: నెట్టేది బయటికి, పడేది లోపలికి. మిగతావాళ్లకీ ఆ నోటి మాటే అందుతుంది. కానీ వార్డమ్మ రాలేదు. రాత్రి డ్యూటీ దిగి తిన్నగా వస్తుంది. ఆమెది మీటల ఫోను, అదీ డ్యూటీలో ఆపేసి ఉంటుంది.

తొమ్మిదికి మూడు నిమిషాలుండగా ఆటో దిగి పరుగెత్తుకొచ్చింది. ఆసుపత్రి నీలం చీరలోనే ఉంది, నోట్సు చంకలో.

"అమ్మా! బాణాలు..." అని ఈయన రెండడుగులు వేశాడు. కానిస్టేబుల్ లాఠీ ఛాతీకి అడ్డం పడింది. "మళ్లీ నువ్వేనా!"

ఆమె నోట్సు గేటు పక్క పుస్తకాల కుప్ప మీద పడేసి, ఈయనని చూసి దండం పెట్టి లోపలికి పోయింది. ఆశీర్వదించడానికి వచ్చాడనుకుంది పాపం.

ఆ మూడు గంటలు ఎలా గడిచాయో ఆయన తరవాత ఎవరికీ సరిగా చెప్పలేకపోయాడు. ఆ నోట్సు తీసి చూశాడని మాత్రం చెప్పేవాడు. నిన్నటి బొమ్మ ఉంది, తన తప్పుతో సహా అచ్చం తనదే. పక్కన మార్జిన్‌లో పెన్సిలుతో చిన్న అక్షరాలు: "ఏటీపీ మాత్రికలో గదా? మరి ప్రోటాన్ బయటికి ఎందుకు?" దాని మీద అడ్డగీత. కింద: "మాస్టారు వేశారు. ఇదే కరెక్ట్."

గురుభక్తి అంటే ఏమిటో ఆయనకి జీవితంలో మొదటిసారి కళ్లారా కనిపించింది.

గంట కొట్టారు. ఆమె ఆఖరున వచ్చింది.

"వచ్చిందా?" అన్నాడు.

"మొదటి ప్రశ్నే మాస్టారూ. గ్లైకాలసిస్ నుంచి మొత్తం. మీరన్నట్టే." ఆమె ముఖం వెలుగుతోంది. ఆయన చేతిలో నోట్సు, విప్పి ఉన్న పేజీ చూసి వెలుగు తగ్గింది. "అది చదివారా? ఏదో పిచ్చి అనుమానం..."

"పిచ్చిది కాదమ్మా. నువ్వే కరెక్టు. నేను బాణాలు తిప్పడం మర్చిపోయాను."

ఆమె గేటు ఊచ పట్టుకుంది. "ముందు నేను అనుకున్నట్టే వేశానండీ. గుబ్బ కూడా లోపలికే. తరవాత భయమేసి చెరిపి మీలాగా వేశాను."

"రాతలో?"

"రాతలో చెరపలేదు. టైము లేదు. బొమ్మ ఒకటి, రాత ఒకటి." కళ్లు తుడుచుకుంది. "నిన్న వినుంటే బాగుండేది మాస్టారూ."

ఆయన నోట్సు మూసి ఆమె చేతికిచ్చాడు.

ఫలితాలకి ఇరవై రెండు రోజులు పట్టింది. అన్ని రోజులూ ఆయన ఫోను మోగితే ఉలిక్కిపడ్డాడు. ఆమెకి పాస్ మార్కు మీద ఒక్క మార్కు ఎక్కువొచ్చింది. బొమ్మకి ఎన్ని పోయాయో ఎవరికీ తెలియదు. ప్రిన్సిపాల్ అన్నంత పనీ చేయలేదు, అంత తక్కువకి ఇంకో మాస్టారు దొరకడు.

ఇప్పుడు ఆయన ఒక పాఠం అయ్యాక బోర్డు మొత్తం తడిగుడ్డతో తుడుస్తాడు. పది నిమిషాలు పోతాయి. రివిజన్ రోజున ఎవరైనా చెయ్యెత్తితే ఆయన ముఖం పాలిపోవడం పిల్లలు గమనించారు. ఎందుకో వాళ్లకి తెలియదు. చేతిలో సుద్ద అక్కడే ఆపి, "చెప్పమ్మా" అంటాడు.