ఆయన పేరు పలికాడా, లేదా

మోక్పో రేవు వెనక సందులో ఓక్బున్‌ది బట్టలు సరిచేసే కొట్టు. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, ఒళ్ళు చేసినవాళ్ళ నడుములు విప్పి కుట్టడం ఆమె పని. ఆ సందులో ఓక్బున్ ఎవరని అడిగితే తెల్లమొహం వేస్తారు. సోల్హీ అమ్మ అంటే చేపలమ్మే ఆవిడ కూడా చెయ్యెత్తి చూపిస్తుంది. కూతురు సోల్హీ పుట్టిన రోజే ఆమె సొంత పేరు మూలన పడింది. భర్త మాన్‌షిక్ కూడా ఆమెను "సోల్హీ అమ్మా" అనే పిలిచేవాడు, అందరు మొగుళ్ళలాగే.

ఓక్బున్‌కి ఒక లోపం ఉంది. విన్న మాట విన్నట్టు మనసులో నిలవదు, సారం మాత్రం నిలుస్తుంది. పక్కనే కిమ్చీ పచ్చడి, ఎండుచేపల కూర అమ్మే మాల్‌సూన్ ఈ సంగతి మీద ఎప్పుడూ ఆటపట్టిస్తూ ఉండేది.

"ఏమే, నిన్న టీవీ నాటకంలో అత్తగారు కోడల్ని ఏమంది?"

"ఏదో అందక్కా. కోడలి కడుపు రగిలిపోయేలా అంది."

"ఏమందో చెప్పవే బాబూ అంటే కడుపు సంగతి చెబుతావేంటి? నీకు సాక్ష్యం చెప్పే పని పడితే జడ్జి ఉద్యోగం మానేసి పోతాడు."

ఓక్బున్ కూడా నవ్వేది. అప్పట్లో అది నవ్వుకోవలసిన విషయమే.

సోల్హీ పెళ్ళితో ఆ ఇంట్లో నవ్వులు ఆగిపోయాయి. పెళ్ళయి విడాకులు తీసుకున్నవాడిని, బడికెళ్ళే కొడుకున్నవాడిని చేసుకుంటానంది ఆ పిల్ల. మాన్‌షిక్ ఓడల టికెట్లమ్మే ఆఫీసులో పనిచేసి విరమించిన మనిషి. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. పెళ్ళికూతుర్ని తండ్రి చెయ్యి పట్టి నడిపించుకు రావడం అక్కడి ఆచారం, అయినా పెళ్ళికి వెళ్ళలేదు. అమ్మాయి తరఫున పెద్దలు కూర్చునే రెండు కుర్చీల్లో ఒకటి ఖాళీగా ఉంటే, దాని పక్కన ఓక్బున్ పట్టు బట్టల్లో ఒంటరిగా కూర్చుంది. ఆ రోజు నుంచి అతను కూతురి పేరు పలకలేదు. పేరు పలకకూడదు కాబట్టి భార్యను పిలవడం కూడా మారిపోయింది. "ఇదిగో" అనేవాడు, లేకపోతే దగ్గేవాడు. కూతురి గురించి తప్పనిసరైతే "అది" అనేవాడు. సోల్హీ ఆ సంగతి తల్లి నోటనే విని, భర్తతో దూరాన తూర్పు తీరంలోని సొక్చోలో కాపురం పెట్టింది.

తర్వాత మాన్‌షిక్‌కి ఊపిరితిత్తుల్లో జబ్బు బయటపడింది. కూతురికి చెప్పనివ్వలేదు. కానీ ఒక సాయంత్రం ఆసుపత్రిలో, నర్సు సెలైన్ మార్చి వెళ్ళాక, భార్యను దగ్గరకు రమ్మన్నాడు. గొంతు గాలి పోయినట్టు ఉంది. ఆగి ఆగి, దగ్గి దగ్గి, చాలాసేపు మాట్లాడాడు. అంతా కూతురికి చెప్పమనే. చివర్లో "ఉన్నదున్నట్టు చెప్పు, నీ సొంత కవిత్వం కలపకు" అన్నాడని ఓక్బున్‌కి గుర్తు. ఈ ఒక్క మాటా ఎందుకు గుర్తుందంటే, అది తనను దెప్పిన మాట కాబట్టి.

ఇంటికి వెళ్ళే బస్సులో ఆమెకు భయం వేసింది. తన బుర్ర సంగతి తనకు తెలుసు, తెల్లారేసరికి మాటలన్నీ కరిగిపోతాయి. చేతిలో ఫోను ఉంది. ఫోనులో మాస్టారు ఉన్నారు.

ఆమె మాస్టారు అని పిలిచేది మనిషిని కాదు, అడిగితే జవాబు చెప్పే ఏఐని. కొట్టు బోర్డు మీద ఏం రాయాలో చెబుతుందని మాల్‌సూన్ పెట్టించింది. రాయడం చేతకాకపోతే మాట్లాడినా చాలు. మాస్టారి మీద ఓక్బున్‌కి గురి కుదరడానికి కారణం ఉంది. ఒకసారి పొద్దున ఒక బేరం ఆవిడ కోటు గురించి ఏవేవో చెబితే, అవే మాటలు ఫోన్లో అప్పగించింది. సాయంత్రం అదే సంభాషణ తెరిచి అడిగితే, అక్షరం పొల్లు పోకుండా తిరిగి చెప్పారు మాస్టారు. తనకు లేనిదంతా ఈయనకుందని ఓక్బున్ మురిసిపోయింది.

బస్సులో వెనక సీట్లో కూర్చుని, నోటికి ఫోను అడ్డం పెట్టుకుని, చెవిలో ఇంకా మోగుతున్న మాటలన్నీ చెప్పేసింది. ఏడుస్తూ చెప్పింది. "ఇవి దాచండి మాస్టారూ, మా అమ్మాయికివ్వాలి" అంది. జవాబు పొడుగ్గా వచ్చింది. పైన ఓదార్పు ఉంది. కింద అసలు విషయం ఉంది: ఈ మాటలు ఈ సంభాషణలో మాత్రమే ఉంటాయి, కొత్తది తెరిస్తే నాకేమీ తెలియదు, ముఖ్యమైనవి కాబట్టి దయచేసి ఇంకోచోట కూడా దాచుకోండి అని. ఓక్బున్ ఓదార్పు వరకే చదివింది. కళ్ళనిండా నీళ్ళున్న మనిషి కిందిదాకా ఎక్కడ చదువుతుంది?

కబురందుకుని సోల్హీ వచ్చేసరికి తండ్రి ప్రాణం పోయింది. తెల్ల పూల మధ్య ఫోటో ముందు కూర్చుని, "నాన్న నీకు చాలా చెప్పమన్నాడే" అని తల్లి అనబోతే, "ఇప్పుడొద్దమ్మా. ఇప్పుడు వింటే నేను తట్టుకోలేను" అంది. "సరే, ఎప్పుడడిగినా చెబుతా. ఒక్క మాట కూడా పోకుండా దాచాను" అంది ఓక్బున్.

అంత్యక్రియలయ్యాక ఇల్లు కడిగింది. ఆయన బట్టలు, మందులు అన్నీ తీసేసింది. ఆ ఊపులో ఫోను కూడా శుభ్రం చేసింది. మందుల పేర్లు, ఆసుపత్రి బస్సులు, పూల ఖర్చులు అడిగిన పాత సంభాషణలు వరసగా కనబడితే చూడబుద్ధి కాక, అన్నిటినీ తుడిచేసింది. బస్సులోది కూడా వాటిలోనే ఉంది. ఆమెకేమీ అనుమానం రాలేదు. కొలతల చీటీ పారేస్తే మాత్రం దర్జీకి కొలత తెలియకుండా పోతుందా, మాస్టారికి చెప్పాం కదా, ఆయన దగ్గర ఉంటుంది అనుకుంది. అలా అనుకోవడంలో తెలివితక్కువతనం ఏమీ లేదు. మనుషులతోనే బతికిన మనిషి ఇంకెలా అనుకుంటుంది?

ఏడాది తిరిగింది. వర్ధంతికి ముందురోజు సోల్హీ ఫోన్ చేసింది.

"అమ్మా, ఇప్పుడు వినగలను. రేపు మధ్యాహ్నానికి వస్తున్నా. నాన్న అన్నవి చెప్పు. అన్నీ అక్కర్లేదు, ఒక్కటి తెలిస్తే చాలు. నా పేరు పెట్టి అన్నాడా, 'అది' అన్నాడా?"

"వచ్చాక విందువులే," అంది ఓక్బున్ ధీమాగా.

కొట్టు తలుపు వేసి మాస్టారిని పిలిచింది. "మాస్టారూ, మా ఆయన చెప్పినవి ఒకసారి చెప్పండి."

ఏ విషయమో చెప్పమని మర్యాదగా అడిగింది అవతలిది. ఆమె గుర్తులు చెప్పింది, బస్సు, ఆసుపత్రి, ఏడుపు. జవాబు వచ్చింది: "క్షమించండి. ఒక సంభాషణలో చెప్పింది ఇంకో సంభాషణలో నాకు తెలియదు. మీరు అప్పుడు చెప్పినవి నా దగ్గర లేవు. పాత సంభాషణ మీ ఫోనులో ఉంటే తెరిచి చదువుకోవచ్చు. తుడిచేసి ఉంటే నేను తిరిగి తేలేను."

"అదేంటి మాస్టారూ? నేను సోల్హీ అమ్మని. రోజూ మాట్లాడతాగా."

"మీరు ఇప్పుడు చెప్పారు కాబట్టి తెలిసింది. దానికి ముందు తెలియదు. మీకింత బాధ కలుగుతున్నందుకు విచారిస్తున్నాను."

ఆమె కుర్చీలో కూలబడింది. ఎండుచేపలు తెచ్చిన మాల్‌సూన్ ఆ మొహం చూసి సంగతి అడిగి తెలుసుకుంది.

"కొన్నిటికి గుర్తుపెట్టుకునే ఏర్పాటు ఉంటుందటే. నీదానికి లేదనుకుంటా. రోజూ కొత్తగా పుడుతుందన్నమాట పాపం."

"పాపం దానికా అక్కా, నాకా?"

మాల్‌సూన్ గొంతు తగ్గించింది. "నీకు సారం గుర్తుందిగా. అదే చెప్పి రాయించు. అందంగా రాస్తుంది. పిల్లకి అదే ఇవ్వు."

రాయించింది. రాసే ముందు మాస్టారు ఒక మాటన్నారు: ఇవి నా మాటలవుతాయి, ఆయనవి కావు, అమ్మాయికి ఆ సంగతి చెప్పడం మంచిది అని. తర్వాత వచ్చిన రాత చదివి ఓక్బున్ మళ్ళీ ఏడ్చింది. "నా ప్రియమైన సోల్హీ" అని మొదలైంది. మాన్‌షిక్ జీవితంలో ఎవరినీ ప్రియమైన అనలేదు.

మర్నాడు సోల్హీ కోటు విప్పకుండానే ఫోను అందుకుంది. చదువుతూ ఆ పేరు దగ్గర వేలు ఆనించి ఉండిపోయింది. మొహంలో ఏదో విచ్చుకోబోయింది. ఓక్బున్ నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ, ఉన్నదున్నట్టు చెప్పమన్న మనిషి ఫోటో పక్కనే ఉంది.

"ఆ పేరు నేను రాయించానే. అంతా ఈ ఫోను రాసింది. నాన్న మాటలు పోయాయి. నేనే తుడిచేశాను."

సోల్హీ ఫోను బల్ల మీద పెట్టింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"పోనీ నీకు గుర్తున్నవి చెప్పు," అంది.

"పెళ్ళికి రానందుకు బాధపడ్డాడు. ఏ మాటతో అన్నాడో తెలీదు, బాధ మాత్రం తెలుసు. ఆ రోజు ఇంట్లో ఉండలేదట. రేవు దగ్గర బెంచీ మీద కూర్చున్నాడట, సూటు వేసుకుని. మీ ఆయన కొడుకు గురించి అడిగాడు, చలికాలానికి వాడికి మంచి బూట్లున్నాయా అనో, కోటుందా అనో. ఏడ్చాడు. అది బాగా గుర్తు. తుడుచుకోవడానికి చెయ్యి లేవక నన్ను తుడవమన్నాడు."

"పేరు?"

ఓక్బున్ కళ్ళు మూసుకుంది. ఆ పేరు ఆమె చెవిలో మోగుతూనే ఉంది. కానీ అది పాతికేళ్ళుగా సందంతా మోగుతున్న పేరు. పొద్దున్నే చేపలావిడ అన్న పేరు. అందులో ఆయన గొంతు ఏదో ఎలా విడదీయగలదు?

"తెలీదమ్మా. నిజంగా తెలీదు."

సోల్హీ మొహం తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. తల్లి దగ్గరకు వెళ్ళబోయి, ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలియక అక్కడే నిలబడింది.

"ఇంకోసారి చెప్పు," అంది సోల్హీ అటే చూస్తూ.

ఓక్బున్ మళ్ళీ మొదలుపెట్టింది. రేవు, బెంచీ, సూటు. "అక్కడ కూర్చుని పెళ్ళి వేళ దాటిపోయేదాకా ఉన్నాడట. 'సోల్హీ నడిచొస్తుంటే పక్కన ఎవరున్నారు' అని అడిగాడు..."

ఆగిపోయింది. మొదటిసారి చెప్పినప్పుడు ఈ మాట లేదు. ఇప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు తెలియదు. ఆయన అన్నదే ఇప్పుడు పైకి తేలిందో, తన ఆశే ఆయన గొంతు పెట్టుకుందో, తేల్చి చెప్పగలిగేది ఒకే ఒక్కటి ఉండేది. దాన్ని తన చేత్తోనే తుడిచేసింది.

"ఇది ఆయన అన్నదో నేను కలిపిందో..." అంది ఓక్బున్.

సోల్హీ తల తిప్పింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వచ్చి తల్లి రెండు చేతులూ పట్టుకుంది.

"ఎవరూ లేరమ్మా. ఒక్కదాన్నే నడిచాను," అంది తండ్రికి జవాబు చెబుతున్నట్టు.