తువ్వాల కింద చెయ్యి

మా ఆర్మూర్‌లో పాతకాలం మనుషులు పసుపు బేరం ఇంకా తువ్వాల కిందే చేస్తారు. పైన మాట ఉండదు. కింద ఎన్ని వేళ్లు పట్టి నొక్కితే అదే ధర. గట్టిగా నొక్కి వదిలితే బేరం ఖాయం. మా బాపు పసుపు కొనే సేటు; నాన్న బతుకంతా ఆ వేళ్లే. అలాంటి మనిషికి చేతులు వణికించే పార్కిన్సన్స్ వచ్చింది. దేవుడికి హాస్యం ఉందని తెలుసు గానీ, ఇంత మోటుదనుకోలేదు.

మొదట్లో లెవోడోపా మాత్ర పూటకొకటి వేస్తే బాపు రోజంతా బాపులానే ఉండేవాడు. ఏళ్లు గడిచాక మాత్ర ఎక్కినప్పుడు చేతులు ఎగిరిపడేవి, దిగినప్పుడు ఒళ్లు కట్టెలా బిగిసేది.

"ఈ మాత్రే మెదడులో డోపమైన్ అయి ఒంటిని కదిలిస్తది. దాన్ని దాచే గోదాములు కూలిపోతున్నై," అంది డాక్టరమ్మ. "ఇగ వచ్చిన లోడు వచ్చినట్టే ఖర్చు. నడుమ కరువు."

ఆ కరువు పూడ్చడానికి డోపమైన్‌లా నటించే ఇంకో మాత్ర ఇచ్చింది. దాంతో బాపుకు గోదాములో లేని దొంగలు కనిపించారు. కట్టె పట్టి పసుపు బస్తాలను చితకబాదాడు. బస్తాలు కేసు పెట్టలేదు. డాక్టరమ్మ ఆ మాత్రను మెల్లగా తగ్గించి మాన్పించాక దొంగలూ పోయారు.

అసలు యుద్ధం మార్కెట్ యార్డులో జరిగింది. మోర్తాడ్ రైతుతో తువ్వాల కింద బేరం. మాత్ర మంచి ఊపు మీదుంది. బాపు వేళ్లు వాటంతట అవే బిగిశాయి.

"నొక్కినవ్! ఖాయం!" అన్నాడు రైతు.

"నేను నొక్కలే. చెయ్యి నొక్కింది."

"గదేంది సేటూ, చెయ్యి ఎవనిది?"

జవాబుగా ఆ చెయ్యే ఎగిరి రైతు దవడకు తగిలింది. రైతు బాపు మూతి పగలగొట్టాడు. అడ్డుపోయిన నాకు ఇద్దరి వాటా దక్కింది. ముగ్గురం పసుపులో దొర్లాం. రక్తానికి పసుపు మంచిదంటారు.

హమాలీలు విడదీసి బాపును బస్తా మీద కూర్చోబెట్టారు. మాత్ర దిగిపోయింది. రెండో విడతకు వచ్చిన రైతుకు కదలని కళ్లు, తుడుచుకోలేని రక్తం కనిపించాయి. పిడికిలి దించేశాడు.

"డాక్టరమ్మ చెప్పిన మెదడు ఆపరేషన్ చేయించుకుంట," అన్నాడు బాపు, నోరు తిరిగాక. "లేకుంటే నా మాట ఎవడు నమ్ముతడు?"

దవాఖానలో ఒక పూట మాత్ర ఆపి, మళ్లీ వేసి చూశారు. "మాత్ర తగ్గించే వణుకు, బిగుసుడే మెదడుకు పెట్టే కరెంటు కూడా తగ్గిస్తది. రోగాన్నైతే ఆపదు," అంది డాక్టరమ్మ. తలకు రంధ్రాలు పెట్టి తీగలు దించారు, ఛాతీ తోలు కింద బ్యాటరీ పెట్టారు. నెలల పాటు కరెంటు సరిచూస్తూ మాత్రలు తగ్గించారు. బాపు గొంతు మాత్రం సన్నబడింది.

మళ్లీ సీజన్‌కు అదే రైతు వచ్చాడు. తువ్వాల పరిచి, ముందు జాగ్రత్తగా దవడ పక్కకు పెట్టుకున్నాడు.

బాపు ఏదో అన్నాడు. వినిపించలేదు. ఈ బేరానికి గొంతుతో పని లేదు.

తువ్వాల కాసేపు కదల్లేదు. తర్వాత ఒక్కసారి బిగిసి, వదిలింది.

"గీసారి ఎవరు నొక్కిండ్రు సేటూ?"

నేనే అన్నట్టు బాపు తన ఛాతీ మీద వేలు పెట్టి చూపించాడు. బ్యాటరీ కూడా అక్కడే ఉందని విన్నాడు గనక, రైతు మళ్లీ అడిగాడు.