నాయన అరికాలు

ఈ సంగతి రాయకపోతే, ‘షుగర్ వల్ల వేలు పోయింది’ అని మా ఇంట్లో అందరూ చెప్పుకుని ఊరుకుంటారు. షుగర్ ఒక్కటే తీయలేదు. అందుకే రాస్తున్నాను.

మా నాయన తిరుపతిలో పురోహితుడు. ఏళ్ల తరబడి షుగర్ ఉండి కాళ్లకు స్పర్శ పోయింది. నేను కాలేజీ గడప తొక్కలేదు గానీ, లైబ్రరీలో దొరికిన వైద్య పుస్తకాలన్నీ చదివాను. నొప్పి తెలియని కాలికి కళ్లే కాపలా అని వాటిలో ఉంది. రోజూ అరికాలు, వేళ్ల సందులు చూసుకోవాలి. ఇంట్లో కూడా చెప్పులు తొడుక్కోవాలి. షుగర్ క్లినిక్‌లో నర్సమ్మ కూడా అదే చెప్పింది. మెత్తటి అట్ట ఉన్న చెప్పులు కొని, ఇంట్లోనే వాడమని తెచ్చాను.

“దేవుడి గది ఉండే ఇంట్లో చెప్పులా? లైబ్రరీ డాక్టరమ్మ చెప్తే తొడగాల్నా?” అన్నాడు అన్న.

“బయట పెట్టమ్మా,” అన్నాడు నాయన.

“పోనీ, అరికాలన్నా సూపించు నాయనా.”

“ఆడబిడ్డ చేత కాళ్లెత్తించుకుంటానా? మంచాన పడినానా యేంది?”

ఆ వారంలోనే వడమాలపేటలో ఒక గృహప్రవేశం చేయించి వచ్చాడు. అక్కడ అందరూ వరసగా వంగి ఆయన పాదాలు ముట్టుకున్నారు. అరికాలు మాత్రం ఎవరికీ కనపడలేదు. మరునాడు ఇల్లు తుడుస్తున్న వదిన నేల మీద తడి మరకలు చూసింది. బొటనవేలి కింద కొబ్బరి చిప్ప ముక్క గుచ్చుకుని ఉంది. ఎన్నాళ్లుగా ఉందో ఆయనకే తెలియదు.

“ఇప్పుడే ఆస్పత్రికి పోదాం,” అన్నాను.

“నొప్పే లేదు గదమ్మా,” అన్నాడు నాయన.

“నొప్పి లేని పుండుకు ఆస్పత్రా? నలుగురూ నవ్వుతారు,” అంటూ అన్న ముక్క తీసి పసుపు అద్దాడు. “శుక్రవారం ఒప్పుకున్న పెళ్లి ముందు జరిపించనీ.”

నొప్పి లేకపోవడమే ప్రమాదమని నేను అరిచాను. ఎవరూ వినలేదు. పెళ్లి జరిగింది. తర్వాత వాసన వచ్చింది, మడమ దాకా ఎర్రగా వాచింది, చలిజ్వరం పట్టుకుంది. అప్పుడు అన్న ఆటో పిలిచాడు. డాక్టరు పుండులోకి సన్నటి లోహపు పుల్ల పెట్టి చూస్తే అది ఎముకకు తగిలింది.

“చీము ఎముకకు పట్టింది. వేలు తీయాల. ఇంకా ఆలస్యమైతే కాలు,” అన్నాడు.

వేలు తీశారు. మానేటప్పటికి ఎంతో కాలం పట్టింది. ఇప్పుడు ఉదయాన్నే నాయన అద్దంలో అరికాలు చూసుకుని నాకూ చూపిస్తాడు, ఇంట్లో చెప్పులు తొడుక్కుంటాడు. ఎవరైనా అడిగితే “డాక్టరు చెప్పినాడు” అంటాడు. నేను చెప్పినప్పుడు మైల, కత్తి పట్టినవాడు చెప్పినప్పుడు మందు.

నర్సమ్మకు, పుస్తకాలు తెప్పించి ఇచ్చిన లైబ్రేరియన్‌కు, మరక చూసి దాచిపెట్టని మా వదినకు నా దండాలు. ఆస్పత్రికి తీసుకెళ్లిన అన్నకు కూడా చెప్పమంటారు ఇంట్లోవాళ్లు. తీసుకెళ్లాడు, నిజమే. ఎప్పుడు తీసుకెళ్లాడో కూడా పైన రాసి ఉంది.