ఇరవయ్యో తేదీ ఎవరిది?

చిత్తూరు రిజిస్ట్రారాఫీసు అరుగు మీద కూర్చుని నేను రాసిన కాగితంలో సందు పట్టుకున్న వకీలు ఇంతవరకు పుట్టలేదు. నిజం చెప్పాలంటే, ఒక కాగితం వకీలు దాకా పోనేలేదు. చెరుకు రైతులే పట్టుకున్నారు.

యుద్ధం రోజులవి. ఇద్దరు అన్నదమ్ములకు ఒకటే ఇనుప గానుగ. ఎవరి చెరుకు వాళ్లది. ఆ నెల చెరి పది రోజులు ఆడుకోవాలని నా దగ్గరికి వచ్చారు. అన్నకు ‘పదో తేదీ నుంచి ఇరవయ్యో తేదీ వరకు’, తమ్ముడికి ‘ఇరవయ్యో తేదీ నుంచి ముప్పయ్యో తేదీ వరకు’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చాను.

ఇరవయ్యో తేదీ తెల్లారేసరికి గానుగకు అన్న ఎడ్లు కట్టి ఉన్నాయి. తమ్ముడేమో రెండు బండ్ల చెరుకు కొట్టి తెచ్చాడు. కొట్టిన చెరుకు ఎండకు వాడితే రసం తగ్గిపోతుంది, బెల్లం ముద్ద కట్టదు. నన్ను బండెక్కించి తోటకు తీసుకుపోయారు.

“ఇరవై నాదని నువ్వే రాసినావు గదప్పా?” అన్నాడు తమ్ముడు.

“నాదనీ రాసినాడు గదరా! సదువుకున్నోడు, ఒక పొద్దును ఇద్దురికి రాసిచ్చినాడు” అన్నాడు అన్న.

నేను గొంతు సవరించుకున్నాను. “‘పదికీ ఇరవైకీ మధ్య’ అనుంటే రెండు కొసలూ పోయి తొమ్మిది రోజులే. ‘రెండూ కలుపుకొని’ అనుంటే పదకొండు. ఉత్త ‘నుంచి’, ‘వరకు’ అనుంటే కోర్టు లెక్కలో మొదటి రోజు వదిలేస్తారు, చివరి రోజు కలుపుతారు. పదకొండు మొదలు ఇరవై దాకా, పది. కాబట్టి ఈ పొద్దు అన్నకే.”

తమ్ముడు బండ్ల వైపు చూశాడు.

చెరుకు రసం కాగే పెనం దగ్గర తెట్టు తీస్తున్న అన్న భార్య ఇటు తిరిగింది. “సెరి పది పొద్దులని గదా అనుకునింది? పదో తేదీనే నేను పెనం ఎక్కించినా. నిన్నటికి పదీ అయిపోయినాయి. ఇప్పు ఆ ఎడ్లని.”

అన్న తల గోక్కుని ఎడ్లు విప్పాడు. “కట్టుకోరా.”

నేను అక్కడే కాగితం తిరగరాశాను: అన్నకు పది మొదలు పంతొమ్మిది, తమ్ముడికి ఇరవై మొదలు ఇరవైతొమ్మిది, మొదటి రోజూ చివరి రోజూ కలుపుకొని. ఆ పదో తేదీ మాట ఎత్తింది నేనేనని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. అది ఆమె మాటేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మొన్న ఇదంతా ఆ తమ్ముడికి చదివి వినిపించాను. ఆయనకూ నాలాగే పళ్లు పోయాయి. పూర్తిగా విని అన్నాడు:

“కోర్టు లెక్క ఆ పొద్దు నువ్వు యాడ సెప్పినావు? వారం తర్వాత ఎవురో వకీలు గుమాస్తాని అడిగొచ్చి సెప్పినావు. ఆ పొద్దు నీ నోట్లో మా వదిన పెట్టిన పచ్చిబెల్లం ఉన్నింది. నువ్వు మాట్లాడనేలేదు.”