దొరికినవాళ్ల సెట్టు

మా మావగారిది శ్రీకాకుళం బజారులో పూజాసామాను కొట్టు. పెళ్లిసామాను, నోముల సామాను ముందు గదిలో ఉండేవి. చావుసామాను వెనకగదిలో. ఇంటికి దుఃఖం వచ్చినవాళ్లు పూలదండలూ పసుపుకొమ్ములూ చూస్తూ నిలబడకూడదని మావగారు పెట్టిన ఏర్పాటు అది. ముందు నా దగ్గర బిల్లు కట్టించుకుని, ఆ చీటీ పట్టుకుని పక్కసందులోంచి వెనకగదికి వెళ్లాలి. అక్కడ బల్ల దగ్గర సామాను కట్టి ఇచ్చే మనిషి ఒకామె ఉండేది. కళింగపట్నం వైపు బెస్తవాళ్ల ఆడకూతురు. పెళ్లయి టౌనుకి వచ్చేసింది, తమ్ముడు మాత్రం అక్కడే వేటకి పోయేవాడు. అమ్మా నాన్నా లేని పిల్లాణ్ని తనే పెంచింది. నా కంటే నాలుగేళ్లు పెద్ద, నేను అక్కా అనేదాన్ని.

మా కొట్లోకి కంప్యూటర్ వచ్చాక పని నా నెత్తినే పడింది. కోడలు డిగ్రీ చదివింది కదా, ఇంకేం కావాలి. చావుసామాను ఒక్కొక్కటి అడిగి కొనే ఓపిక ఎవరికుంటుంది? అందుకని అన్నీ కలిపి ఒక సెట్టు చేశాం. కుండ, శవం మీద కప్పే కోరాగుడ్డ, నువ్వులు, దర్భలు, పేలాలు, కర్పూరం, సాంబ్రాణి. సెట్టుకి ఏది ఎంత పడుతుందో ఒకసారి కంప్యూటర్లో రాసిపెట్టుకుంటే చాలు. సెట్టుకి విడిగా నిల్వ అంటూ ఉండదు. సెట్టని బిల్లు కొట్టగానే కుండల్లో ఒక కుండ, గుడ్డల్లో ఒక గుడ్డ, ఇలా దేని లెక్కలోంచి దాన్ని అదే తగ్గించుకుంటుంది. అన్నింట్లో ఏది తక్కువుంటే అన్ని సెట్లే ఇంకా అమ్మగలమని కూడా చెబుతుంది. మావగారు మొదట్లో దాన్ని నమ్మలేదు. తరవాత నన్ను నమ్మడం మానేసి దాన్నే నమ్మారు.

ఒక వానాకాలం చివర సరుకు సరిచూశాం. అన్నీ కాస్త అటూ ఇటూగా సరిపోయాయి, కుండలు ఒకటో రెండో పగిలి ఉంటాయి. కోరాగుడ్డలు మాత్రం ఎక్కువున్నాయి. తక్కువైతే దొంగతనం అనుకోవచ్చు, ఎక్కువేమిటి? నాకు బుర్ర పనిచెయ్యలేదు. మావగారికి వెంటనే పనిచేసింది. సెట్టు కట్టేటప్పుడు గుడ్డ పెట్టకుండా మిగులుస్తోంది, ఏడుపులో ఉన్నవాళ్లు విప్పి చూసుకోరు కదా, కుదిరినప్పుడు బయట అమ్ముకుంటుంది. ఇదీ ఆయన తీర్పు.

అక్కని పిలిచి అడిగారు. ఆమె తడబడలేదు. కొందరు గుడ్డ వద్దని అక్కడే వదిలి వెళతారనీ, పారెయ్యడానికి చేతులు రాక మళ్లీ అరలోనే పెడుతున్నాననీ చెప్పింది.

"డబ్బిచ్చి కొన్న వస్తువుని ఎవడు ఒగ్గేస్తాడే? నాకు కథలు సెప్పకు" అన్నారు మావగారు, ఎందుకు వదిలేస్తారో ఆమె చెప్పేలోపే.

ఆయన వ్యాపారి. పుట్టినప్పటి నుంచీ కొట్లోనే ఉన్నారు. డబ్బిచ్చినవాడు వస్తువు వదిలేసిపోవడం ఆయన కళ్లతో ఎప్పుడూ చూడలేదు, కాబట్టి అది లోకంలో లేదు. నేను మధ్యలో దూరి, దొంగ అయితే దొంగిలించిన గుడ్డని తిరిగి మన అరలోనే ఎందుకు పెడుతుందండీ అన్నాను. నువ్వు లోపలికెళ్లు అన్నారు. వెళ్లలేదు. గొంతు చించుకున్నాను. ఏం లాభం? ఆడదాని మాట, అందులోనూ కోడలి మాట. చచ్చినవాళ్ల సామాన్లో చెయ్యిపెట్టిందన్న పేరు వేసి అక్కని ఆ పూటే పంపేశారు. బజారంతా పాకింది ఆ మాట. మరో కొట్లో ఆమెకి పని దొరకలేదు. నాకు మావగారి ముఖం చూడబుద్ధి కాక, అన్నం పెట్టి పక్కకి తిరిగి నిలబడేదాన్ని.

తరవాత ముందు బిల్లు కొట్టి, లోపలినుంచి వెనకగదికి వెళ్లి సామాను కూడా నేనే ఇవ్వాల్సి వచ్చింది. ఒకరోజు పొద్దున్న ఒక పెద్దాయన వచ్చాడు. చొక్కాకి ఉప్పు వాసన. బిల్లు కట్టి వెనక్కి వచ్చి, నేనిచ్చిన మూట బల్ల మీదే విప్పి, కోరాగుడ్డ తీసి నా ముందు పెట్టాడు. మడత చెదరకుండా, రెండు చేతులతో.

"ఇది ఇక్కడే ఉండనీ తల్లీ. మనిషి దొరకనేదు. దినాలు సెయ్యాల కాబట్టి సేస్తన్నాం, దర్భల్తో బొమ్మ సేసి. గుడ్డ ఇంటికి అట్టుకెళ్తే సముద్రం ఇంక మనిషిని ఒగ్గదు."

డబ్బు వెనక్కి ఇస్తానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. దొరికితే వచ్చి పట్టుకెళ్తాడట. ఎవరండీ అని అడిగాను. అల్లుడట.

మూట మళ్లీ కట్టుకుని సందులోంచి వెళ్లిపోయాడు. నేను ఆ గుడ్డ పట్టుకుని అరవైపు చూశాను. కంప్యూటర్ తప్పు చెప్పలేదు, సెట్టు అమ్మాం, గుడ్డ తగ్గించింది. అక్కా తప్పు చెప్పలేదు. ఎక్కువొచ్చిన ఒక్కో గుడ్డా సముద్రం ఇవ్వని ఒక్కో మనిషి. దాన్నే మేము దొంగసొత్తని లెక్కపెట్టాం.

గుడ్డ తీసుకెళ్లి మావగారి గల్లా మీద పెట్టాను. పెద్దాయన అన్న మాటలన్నీ చెప్పాను. ఆ మధ్యాహ్నమే నన్ను వాళ్లింటికి పంపారు, పనిలోకి రమ్మనమని. అక్క గుమ్మంలో నిలబడే విన్నది.

"సావుకారు మీద నాకు కోపం నేదమ్మా. కానీ సచ్చినోళ్ల సొమ్ము తిన్నానన్న కొట్లో నేను మళ్లీ అడుగెట్టలేను."

బతిమాలాను. లోపలికి వెళ్లి నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. అంతే.

కంప్యూటర్లో నేను రెండో సెట్టు చేశాను. అన్నీ మొదటిదానిలాగే, కోరాగుడ్డ లేకుండా. ధరలో గుడ్డ ఖరీదు తగ్గించాం. ఇది కొడితే గుడ్డల లెక్క కదలదు. పేరేం పెట్టాలని మావగారిని అడిగితే, ఏదీ పెట్టకు, ఒకటి, రెండు అని పెట్టు చాలన్నారు. వచ్చినవాళ్లని ఏ సెట్టు అని అడగాలి కదా. ఆ ప్రశ్న ఎలా అడగాలో నాకు ఎప్పటికీ చేతకాలేదు. మనిషి దొరికాడా అని అడగడమే అది.

మరుసటేడు వేట మళ్లీ మొదలయ్యాక, గాలివాన పట్టి కొన్ని పడవలు తిరిగి రాలేదని విన్నాం. అక్క తమ్ముడు కూడా వెళ్లాడని ఎవరో చెప్పారు. ఆమె ఒడ్డునే కూర్చుందట, ఎవరు పిలిచినా లేవడం లేదట. ఆ రోజుల్లో కొట్టు గుమ్మంలో అడుగుల చప్పుడైతే చాలు, ఆమేనా అని తలెత్తి చూసేదాన్ని. ఏ సెట్టు అని ఆమెని అడగాల్సి వస్తే నా నోరు పడిపోవాలి అనుకున్నాను.

వచ్చింది. భర్త బయట ఆటోలో కూర్చున్నాడు. పెద్దాసుపత్రి నుంచి నేరుగా వచ్చారు. జుట్టు ఉప్పుకి అట్టలు కట్టి ఉంది, పెదాలు పగిలి ఉన్నాయి. మావగారు గల్లా దగ్గర లేచి నిలబడ్డారు. ఆమె ఆయన్ని చూడలేదు. నన్ను అడగనివ్వలేదు కూడా.

"మొదటిదేనమ్మా" అంది. "దొరికినాడు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో వెలుతురు కనబడింది. దేవుడా, నాకూ సంతోషమే కలిగింది. శవం దొరికిందని సంతోషం.

బిల్లు కొట్టాను. గుడ్డల లెక్కలో ఒకటి తగ్గింది. డబ్బు వద్దని మావగారు చెయ్యి అడ్డం పెడితే, ఆమె ఆ చేతి పక్కనుంచి నోట్లు గల్లా మీద పెట్టింది. అడుగెట్టనన్న కొట్లోకి, వెనకగదిలోకి, తనే నడిచి వెళ్లింది. సామాను నేనిస్తానంటే ఒప్పుకోలేదు. తన పాత బల్ల దగ్గర నిలబడి కుండ, నువ్వులు, దర్భలు, పేలాలు ఎప్పటి వరసలోనే పేర్చింది. అన్నింటి మీదా కోరాగుడ్డ పెట్టి, మడత చేత్తో సాపు చేసి, మూట కట్టింది.

"సూసుకోండమ్మా, అన్నీ సరిపోనాయా" అంది నాతో.

సరిపోయాయక్కా అన్నాను.